జాబ్ మేళా పోస్టులో ఏడో పాయింటు

మా కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ అంటే గది కాదు. లైబ్రరీ పక్కన మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడకు వేలాడే ఫ్లెక్సీ ముక్క. దాని బాధ్యత నాకెట్లా వచ్చిందంటే, నేను ఇంగ్లీషు చెబుతాను కాబట్టి. ఉద్యోగాల సంగతులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక ఇంగ్లీషు మేడమే చూసుకోవాలని ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో తేల్చేశారు. అందరికంటే ముందు ఫిజిక్స్ సార్ చప్పట్లు కొట్టారు. తన నెత్తిన పడాల్సింది పక్కవాళ్ళ నెత్తిన పడితే ఎవరైనా కొడతారు.

అప్పటికి నేను ఆదోనిలో ఈ డిగ్రీ కాలేజీలో చేరి ఎనిమిదేళ్ళు. మా పుట్టిల్లు మంత్రాలయం దగ్గరి ఒక ఊరు. నాన్న అక్కడి గుళ్ళో పని చేసేవారు. పూజ చేయడం పెదనాన్న వంతు. నాన్న వంతు బోర్డులు రాయడం. గుడి ముందు నల్లబోర్డు మీద సుద్దముక్కతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవారు. మగవారు చొక్కాలు విప్పి రావలెను. టెంకాయలు లోపల కొట్టరాదు. చిన్నపిల్లలను గర్భగుడి గడప మీద కూర్చోబెట్టరాదు. ఏటా ఒక్క రూలైనా పెరిగేది. ఎందుకు నాన్నా ఇన్ని అంటే, "రూల్స్ లేని గుడిని జనం మండపం అనుకుంటారమ్మా" అనేవారు. ఆ మాట నా రక్తంలో ఉంది. దాని ఫలితం ఇంకొకరు అనుభవించారు.

ఆ ఏడు శ్రావణంలో కర్నూలు నుంచి ప్రభుత్వ నైపుణ్య శిక్షణ వాళ్ళు ఫోన్ చేశారు. మా కాలేజీలో జాబ్ మేళా పెడతామన్నారు. మూడు కంపెనీలు వస్తాయి. ఒకటి ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ, ఒకటి మందుల కంపెనీ, ఇంకొకటి కర్నూలులోనే బీమా కాగితాలు సరిచూసే ఆఫీసు. ఆ మూడోదాంట్లో కంప్యూటరు ముందు కూర్చునే పని, ఆడపిల్లలకు హాస్టలు కూడా ఉంది. తారీకు వాళ్ళే చెప్పారు. అది గురువారం.

"గురువారమా సార్?" అన్నాడు మా ఆఫీసు క్లర్కు, ప్రిన్సిపాల్ గారి గదిలో. "శ్రావణం గురువారం ఉరుకుంద ఈరన్న సామి గుడికి పోవాల నేను. పద్దెనిమిదేండ్లుగా తప్పింది లేదు."

"పోప్పా, ఎవరొద్దన్నారు? మేళా నీకు కాదు గదా పెట్టింది" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నైపుణ్యం వాళ్ళు పంపిన మెసేజీ నాలుగు లైన్లు. ఏదైనా డిగ్రీ, ఈ ఏడు గానీ పోయిన ఏడు గానీ పాసై ఉండాలి. వయసు పద్దెనిమిది నుంచి ఇరవై ఆరు. రెజ్యూమె, ఆధార్ తీసుకురావాలి. ఉదయం తొమ్మిదిన్నరకు రావాలి. అంతే. నేను దాన్ని మూడుసార్లు కిందికి జరిపి చూశాను, ఇంకా ఏమైనా ఉందేమోనని. లేదు.

అది తీసుకుపోయి ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయనది ఆదోనిలో మూడు తరాల పత్తి వ్యాపారం చేసే ఇల్లు. అన్నదమ్ములందరూ మార్కెట్ యార్డులో ఉంటే ఈయన ఒక్కరు దారి తప్పి ఎం.కాం. చదివారు. అయినా పుట్టుకతో వచ్చింది పోదు. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందమ్మా ఇంత బోడిగా ఉంది?" అన్నారు. తన ఫోన్లో ఎమ్మిగనూరు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పెట్టిన పోస్టు తీసి నా ముందు పెట్టారు. పదకొండు పాయింట్లు. మధ్యలో ఎర్రగీతలు. కింద నక్షత్రం గుర్తు పెట్టి, ఆలస్యంగా వచ్చినవారిని ఎట్టి పరిస్థితిలోనూ అనుమతించబోము అని.

"చూడు, ఎట్లుందో. పత్తి తెచ్చిన ప్రతి బండీ దించుకునేవాని కాడికి ఎవడూ మంచి సరుకు తేడు. తేమ చూసి, చెత్త చూసి, నాలుగు బోరాలు తిరగ్గొట్టేవాని కాడికే తెస్తారు."

నాకు నాన్న బోర్డు గుర్తొచ్చింది. ఇద్దరు పెద్దలు ఒకే మాట చెప్పినట్టయింది. ఆ పోస్టు నా ఫోన్‌కు పంపించుకున్నాను.

టైపు చేయడానికి మా సెల్‌లో ఒక అమ్మాయి ఉండేది. బీకాం కంప్యూటర్స్, అప్పుడే చివరి సెమిస్టరు ఫలితాలు వచ్చి మంచి మార్కులతో పాసైంది. నందవరం మండలంలోని పల్లె. పొద్దున ఆటో ఎక్కి నందవరం, అక్కడ బస్సెక్కి ఎమ్మిగనూరు, ఇంకో బస్సెక్కి ఆదోని. చదువైపోయినా రెండు మూడు రోజులకొకసారి వచ్చి నా పని చేసిపెట్టేది. ఉద్యోగాల కబురేదైనా ముందు మెట్ల కిందికే వస్తుందని ఆమె లెక్క. ఆ లెక్క సరైనదే.

ఆ రోజు ఆమె చేతిలో ఒక నీలం ఫైలు ఉంది. బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుంది.

"మేడం, ఆ కర్నూలు కంపెనీలో హాస్టలు నిజంగానే ఇస్తారా?"

"ఇస్తారు."

"ఇస్తే బాగుంటాది. ఈసారి సుగ్గికి పోయే పనుండదు."

మా పడమటి కర్నూలులో వాన ముఖం చాటేసిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఆమె అమ్మానాన్నలు ఏటా పోతారని నాకు తెలుసు. ఈమె కూడా సెలవుల్లో పోయి వస్తుందేమో అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. మూడేళ్ళు చదువు చెప్పిన పిల్ల గురించి ఒక ప్రశ్న అడగకపోవడం అంత కష్టమేమీ కాదు, ఊరికే ఉంటే సరిపోతుంది.

నేను చెబుతూ పోయాను. ఆమె టైపు చేస్తూ పోయింది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మూడింట్లో అరవై శాతం. బ్యాక్‌లాగ్స్ ఉండరాదు. రెజ్యూమె ఐదు ప్రతులు. మార్కుల జాబితాలు ఒరిజినల్స్, జిరాక్సులు రెండు సెట్లు. పాన్ కార్డు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరు. ఫార్మల్ డ్రెస్సు, షూస్. ఆరు వేళ్ళతో టైపు చేసేది గానీ నా నోటికంటే వేగంగా చేసేది.

ఏడో పాయింటు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ పోస్టు చూసి చదివాను. "చదువులో ఎక్కడా గ్యాపు ఉండరాదు."

చేతులు ఆగాయి. "గ్యాపు అంటే ఎట్లా మేడం?"

"పది, ఇంటర్, డిగ్రీ వరసగా చదివుండాల. మధ్యలో ఏడు ఖాళీ పోకూడదు."

"ఒక్క ఏడు కూడానా?"

"ఒక్క ఏడు కూడా."

టైపు చేసింది. చేసి, స్క్రీను వైపే చూస్తూ అడిగింది. "బోల్డు పెట్టాలా మేడం?"

"పెట్టు" అన్నాను.

పదకొండు పాయింట్లూ అయ్యాయి. తప్పులేమన్నా ఉన్నాయేమో చూడమన్నాను. ఒక్కటీ లేదంది. పోయేటప్పుడు నీలం ఫైలు బ్యాగులో పెట్టుకుంది. అది నేను చూశాను. చూసింది గుర్తుంది. దాని గురించి ఏమీ అనుకోలేదు.

ప్రిన్సిపాల్ గారు పోస్టు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇదమ్మా, పోస్టంటే" అన్నారు. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే మా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. అరగంటలో మా ఫిజిక్స్ సార్ నుంచి నాకే తిరిగి వచ్చింది, చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు రెండు బాణాల గుర్తుతో. నాకు కాస్త గర్వంగా కూడా ఉండింది, దాచేదేముంది.

గ్రూపులో రాయలేరు కాబట్టి పిల్లలు నా నంబరుకు పంపారు. షూస్ నల్లవే ఉండాలా మేడం. పెన్ను ఒకటి తేవాలా రెండా. ఫొటోలో మీసం ఉంది, ఇప్పుడు తీసేసినా, పర్వాలేదా. టిఫిన్ ఉంటాదా. అన్నింటికీ ఓపిగ్గా జవాబిచ్చాను. గ్యాపు గురించి ఒక్కరూ అడగలేదు. అంత స్పష్టంగా రాశాను కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదనుకున్నాను.

బుధవారం ఆఫీసు ముందు క్యూ కట్టారు. విషయమేమంటే, ఒరిజినల్స్ తప్పనిసరి అని పోస్టులో రాశాం. ఆ ఒరిజినల్స్ అడ్మిషన్ నాడు మేమే తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నాం. కాబట్టి పిల్లలు మా దగ్గర అర్జీ రాసి, రిజిస్టరులో సంతకం చేసి, మా బీరువాలోంచి వాళ్ళ కాగితాలు తీసుకుని, యాభై అడుగుల దూరంలో ఉన్న మా సెమినార్ హాలుకు మర్నాడు తేవాలి. తెచ్చి, మళ్ళీ యాభై అడుగులు నడిచి మాకే అప్పజెప్పాలి. క్లర్కు సాయంత్రం దాకా ఒక్కొక్కటే తీసిచ్చాడు. అయిపోయాక బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, "ఇంక శుక్రవారమే మేడం. ఈరన్న కాడ సిగ్నల్ కూడా రాదు" అని చెప్పిపోయాడు.

గురువారం తొమ్మిదికే ఆమె వచ్చింది. తెల్ల చుడీదారు, తల నున్నగా దువ్వుకుని. ఉరుకుంద స్పెషళ్ళకు బస్సులు మళ్ళించేశారట. ఎమ్మిగనూరులో గంట నిలబడి, చివరికి జీపులో వచ్చానంది. రిజిస్ట్రేషను బల్ల దగ్గర కూర్చోబెట్టాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని టోకెన్లు ఇవ్వడం ఆమె పని. నిజానికి అంతకంటే ఎక్కువే చేసింది. రెజ్యూమెలో నాన్న పేరు రాయడం మరిచినవాడితో రాయించింది. ఫొటో అంటించడానికి జిగురు తెచ్చింది. ఒక పిల్ల వణికిపోతుంటే నీళ్ళిచ్చి, "ఏమీ అడగరులేవే, నీ గురించి సెప్పు అంటారు, అంతే" అని ధైర్యం చెప్పింది. పిల్లలందరికీ ఉగ్గాని, బజ్జీ పొట్లాలు పంచింది. తను తిన్నదో లేదో చూడలేదు.

"నీ టోకెన్ తీసుకున్నావా?" అని పదింటికి ముందర ఒకసారి అడిగాను. అడిగాననే చెప్పుకుంటున్నాను.

"ఈడ రష్ ఉంది మేడం" అంది. నేను సరేనని కంపెనీ వాళ్ళకు టీ చూడ్డానికి పోయాను.

పదింటికి కంప్యూటర్ ల్యాబులో ఆన్‌లైన్ టెస్టు. లింకు పదకొండున్నర దాకా పనిచేస్తుంది. రాసి గట్టెక్కిన వాళ్ళకు ఇంటర్వ్యూలు. కర్నూలు బీమా కంపెనీ నుంచి వచ్చింది ఒక కుర్రాయన, నీలం చొక్కా, చక్కెర లేని టీ. మిగతా రెండు కంపెనీల వాళ్ళు పిల్లలను గదిమి మాట్లాడుతుంటే ఈయన మాత్రం ప్రతివాడినీ కూర్చోమన్నాకే మాట్లాడాడు. మూడింటికల్లా అన్నీ అయిపోయాయి. బుధవారం నాడు అంత క్యూ కట్టి తీసిన ఒరిజినల్స్ ఒక్కరూ విప్పి చూడలేదు.

పోయే ముందు కంపెనీ వాళ్ళు కాలేజీకి ఫీడ్‌బ్యాక్ ఫారం రాసిస్తారు. దాన్ని మేము ఫైలు చేసి, తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపిస్తాం. ఆమె ఫారాలు పట్టుకుని నా పక్కన నిలబడింది. నీలం చొక్కాయన రాస్తూ రాస్తూ తలెత్తాడు.

"మేడం, పిల్లలు బాగున్నారు. కానీ మాకింకా అయిదారుగురు కావాలి. ఇంత పెద్ద కాలేజీ కదా, మరీ తక్కువ మంది వచ్చారెందుకు?"

"అర్హత ఉన్నవాళ్ళనే పిలిచాం సార్" అన్నాను, కొంచెం ఛాతీ విరుచుకునే. "అరవై శాతం, బ్యాక్‌లాగ్ లేకుండా, గ్యాపు లేకుండా."

"గ్యాపుతో మాకేం పని? ఆ కండిషన్ మాది కాదే."

"మిగతా కంపెనీలది..."

మందుల కంపెనీ ఆవిడ సంచీ సర్దుకుంటూ, "మాది కూడా కాదండీ, అరవై కూడా మేం అడగలేదు, పాసైతే చాలు" అంది. ఫోన్ల ఫ్యాక్టరీ ఆయన తల అడ్డంగా ఊపాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఒక సామెత ఉంది. మా ఇంట్లో ఆ సామెత నిషేధం. ఎవరైనా అంటే నాన్న భోజనం మధ్యలో లేచిపోయేవారు. ఆ రోజు ఆ హాల్లో దాన్ని ఎవరూ అనలేదు. నాకే వినిపించింది.

పక్కనున్న అమ్మాయి ఫారం అందుకుంది. సంతకం ఉందా లేదా చూసింది. తేదీ వేయలేదని చెప్పి వేయించుకుంది. ఫైల్లో పెట్టింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. ఏడుపేమీ లేదు. లెక్క తప్పిందని తెలిశాక ఎక్కడ తప్పిందో వెనక్కి పోయి చూసుకునేవాళ్ళ ముఖం అది.

"నీకు గ్యాపుందా?" అని వరండాలోకి తీసుకుపోయి అడిగాను.

"ఒక ఏడుంది మేడం. ఇంటర్ అయినాక. ఆ ఏడు వాన లేదు, నాయన కాలు కూడా ఇరిగింది. అమ్మ ఒక్కతే సుగ్గికి పోతే కూలి సాలదని నేనూ పోయినా. ఆ ఏడు డిగ్రీలో చేరనేలేదు."

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు మామూలు కంటే ఎక్కువ కోపం వస్తుంది. "నోరు లేదా నీకు? టైపు చేసేటప్పుడే చెప్పొచ్చు కదా!" అని వరండా అదిరేట్టు అరిచాను. మెట్ల మీద పిల్లలు తిరిగి చూశారు.

"కంపెనీ వాళ్ళు పెట్టింది అనుకున్నా మేడం" అంది. "వాళ్ళు వద్దన్నాక మిమ్మల్ని అడిగితే మీరేం చేస్తారులే అని."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో విధంగా చెప్పడం నాకు తెలియదు.

మళ్ళీ లోపలికి పరిగెత్తి నీలం చొక్కాయన్ను పట్టుకున్నాను. ఈ అమ్మాయిని ఒక్క అరగంట చూడండి సార్ అని. ఆయన కాదనలేదు. టెస్టు రాయందే పేరు లిస్టులో ఎక్కదని, లింకు హెడ్డాఫీసు చేతిలో ఉందని చెప్పి, అక్కడే నిలబడి రెండు ఫోన్లు చేశాడు. తెరవడం కుదరదన్నారు. "మళ్ళీ ఫిబ్రవరిలో ఉంటుంది మేడం, ఎమ్మిగనూరులో. అప్పుడు తప్పకుండా రమ్మనండి" అని తన నంబరిచ్చాడు.

ఫిబ్రవరి అంటే మిరప కోతలు నడిచే కాలం.

శుక్రవారం క్లర్కు గుండు చేయించుకుని, నాకు ప్రసాదం పొట్లం తెచ్చి బీరువా తెరిచాడు. నేను అడ్మిషన్ల రిజిస్టరు తీసి, ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య ఒక ఏడు పోయినవాళ్ళెవరో పెన్సిలుతో గుర్తు పెడుతూ పోయాను. కోసిగి వైపు వాళ్ళు, పెద్దకడుబూరు వైపు వాళ్ళు, నందవరం వాళ్ళు. వాన మీద ఆధారపడ్డ ఊళ్ళే అన్నీ. వీళ్ళెవరూ మేళాకు రాలేదు. ఒక్క సుగ్గిలో కూలికి పోయినందుకు పనికి పనికిరారని బోల్డులో చెప్పాను. పెన్సిలు అరిగిపోయింది. ప్రసాదం మీద చీమలు పట్టాయి.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. "మనం తిరగ్గొట్టింది మంచి సరుకమ్మా" అన్నారు. తర్వాత, "ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళకు ఆ గ్యాపు ఎవరు చెప్పినారంట?" అని అడిగారు. కనుక్కున్నాను. వాళ్ళు ఇంకో కాలేజీ పోస్టులో చూసి రాశారట.

ఆమె ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వచ్చింది. ఎంపికైన వాళ్ళకు అభినందనలు అని ఫొటోలతో ఒక పోస్టు పెట్టాలి కదా. అది కూడా ఆమే టైపు చేసింది. నేను చెప్పలేకపోతే తనే రాసుకుంది. చలికాలం మొదలయ్యాక రావడం మానేసింది. ఫోన్ చేస్తే, "గుంటూరు కాడ ఉన్నాం మేడం" అంది. వెనక ఆడవాళ్ళ మాటలు, ట్రాక్టరు చప్పుడు. బాగున్నావా అంటే బాగున్నానంది. చేతులు మండుతాయి, అంతే అంది.

ఫిబ్రవరి మేళా కబురు రాగానే నేను పోస్టు రాయడానికి కూర్చున్నాను. ఈసారి ముందు కంపెనీకి ఫోన్ చేశాను. ఒక్కో లైనూ చదివి, ఇది మీదేనా, మీకు కావాలా అని అడిగాను. నీలం చొక్కాయనకు విసుగొచ్చిందేమో గానీ కనబడనీయలేదు. చివరికి ఐదు లైన్లు మిగిలాయి. చివరి లైను నేను కలిపిందే: మధ్యలో చదువు ఆగినవారు కూడా రావచ్చు. దాన్ని బోల్డు పెట్టాను. అది కూడా ఆయనకు చదివి వినిపించి, సరే అన్నాకే పెట్టాను.

పోస్టు ఆమెకు విడిగా పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మేడం, ఈ లైన్లు వాళ్ళు పెట్టినవా, మనం పెట్టినవా?"

నొప్పించడానికి అడగలేదు. పద్ధతి ప్రకారం అడిగింది. నేను కూడా పద్ధతి ప్రకారమే, ఒక్కో లైనూ చదివి, ఇది వాళ్ళది, ఇది వాళ్ళది, ఇది నాది గానీ వాళ్ళు ఒప్పుకున్నది అని చెప్పాను.

"అయితే వస్తా మేడం. మా కూలీల మేస్త్రీ రెండు దినాలు ఇడుస్తాడంట."

గుంటూరు నుంచి గుంతకల్లు, గుంతకల్లు నుంచి ఆదోని రైల్లో వచ్చింది. నేను స్టేషనుకు పోయి, ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఆమె ఒరిజినల్స్ బీరువాలోంచి తీయించి నా సంచీలో పెట్టుకున్నాను, ఎవరూ అడగలేదని తెలిసినా. అలవాటు అంత తొందరగా పోదు. రెజ్యూమె చేన్లో కూర్చుని ఫోన్లోనే రాసి పంపింది. నేను ప్రింటు తీసుకుపోయాను. బస్సులో మళ్ళీ చూశాను. ఇంటర్ తర్వాత ఒక ఏడు ఖాళీ. డిగ్రీ తర్వాత ఆరు నెలలు ఖాళీ. మొదటిది వాన పడకపోవడం వల్ల వచ్చింది. రెండోది నా వల్ల వచ్చింది.

ఆమె కిటికీ బయటికి చేతులు పెట్టుకుని కూర్చుంది, గాలికి మంట తగ్గుతుందని.

ఆమెకు ఉద్యోగం వచ్చిందని ఇక్కడే చెప్పేస్తాను. ఆ మరుసటి నెల ఒకటో తారీకున కర్నూలులో చేరింది. ఇప్పటికీ చేస్తోంది. నేను చెప్పాలనుకున్నది అది కాదు.

టెస్టులో ఆమె పేరు పైవరసలో వచ్చింది. ఇంటర్వ్యూ ఒక క్లాసు గదిలో, తలుపు తెరిచి. కోఆర్డినేటర్లు వెనక కూర్చోవచ్చన్నారు. హాజరు పట్టీ ఒళ్ళో పెట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నాను. అదే నీలం చొక్కాయన, ఈసారి తెల్లచొక్కా. ఆమెను కూర్చోమన్నాడు. రెజ్యూమె చూశాడు.

"ఇంటర్ తర్వాత ఒక ఏడు ఏం చేశావమ్మా?"

"సుగ్గికి పోయినా సార్. మిరపకాయలు తెంపడానికి."

"ఇప్పుడు ఈ ఆరు నెలలు?"

"అదే సార్."

ఆయన తలెత్తి ఆమెను పరీక్షగా చూశాడు. "పోయిన శ్రావణంలో మేము ఆదోని వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా? టోకెన్లు ఇచ్చింది నువ్వే. నా ఫారం మీద తేదీ కూడా వేయించావు. మరి టెస్టు ఎందుకు రాయలేదు?"

"గ్యాపు ఉంటే పనికిరారని పోస్టులో ఉన్నింది సార్."

"అట్లా రాసిందెవరు?"

నేను హాజరు పట్టీ పట్టుకుని ఉన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందనుకున్నాను.

"నేనే టైపు చేసినా సార్" అంది.

చెప్పి టైపు చేయించింది నేనని బెంచీలోంచి లేచి చెప్పాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, షిఫ్టుల్లో పనిచేయడానికి ఇబ్బంది లేదు కదా అని ఆమెను అడిగాడు.